పోప్ కట్టిన కోర్టు, రాజు చేతిలో తాళాలు

ఇన్‌క్విజిషన్ అంటే చర్చికి వేరుగా నమ్మేవాళ్ళని విచారించే మతకోర్టు, దానిమీద ఎక్కడ గొడవ మొదలైనా రెండే పాటలు వినిపిస్తాయి. ఒకళ్ళేమో అదంతా చర్చి చేసిన ఘోరం, రాజులకేం తెలీదు అంటారు. ఇంకొకళ్ళేమో చర్చి ఊరికే విచారణ చేసింది, కాల్చి చంపింది ప్రభుత్వాలు, పాపం చర్చిని తిట్టకండి అంటారు. మనవాళ్ళలో ఎక్కువమందికి ఈ పేరు గోవా వల్ల తెలుసు కాబట్టి ఈ చర్చ ఇంకాస్త వేడిగా నడుస్తుంది, అందులో ఎవరూ ఆ కోర్టు అసలు ఎలా పనిచేసేదో మాత్రం మాట్లాడరు. నాకు ఆసక్తి అక్కడే. ఆ కోర్టు పద్ధతిని 13వ శతాబ్దంలో తయారుచేసింది చర్చే, అందులో అనుమానం లేదు. రెండొందల యాభై ఏళ్ళ తర్వాత స్పెయిన్ రాజులు ఆ పద్ధతిని దాదాపు ముట్టుకోలేదు కూడా. వాళ్ళు మార్చింది మూడే మూడు: జడ్జిని ఎవరు పెడతారు, తీర్పు మీద అప్పీల్ ఎక్కడికి పోతుంది, జప్తు చేసిన ఆస్తి ఎవరి ఖజానాలో పడుతుంది. ఈ మూడూ చేతికొచ్చాక మిగతాదంతా ఉన్నదున్నట్టు రాజుగారికి పనికొచ్చింది.

ముందు పాత కోర్టు సంగతి. దక్షిణ ఫ్రాన్స్‌లో టులూజ్ చుట్టుపక్కల ఊళ్ళలో చర్చికి వేరుగా నమ్మేవాళ్ళుండేవాళ్ళు, చరిత్ర పుస్తకాల్లో కాథర్లు అని రాస్తారు. చర్చి భాషలో వాళ్ళది హెరెసీ, వాళ్ళు హెరెటిక్స్. వాళ్ళమీద 1209 నుంచి 1229 దాకా ఇరవయ్యేళ్ళు క్రూసేడ్ పేరుతో యుద్ధం చేశారు, ఊళ్ళకి ఊళ్ళు తగలబెట్టారు, అయినా నమ్మకం పోలేదు, దాక్కుంది అంతే. అప్పుడు పోప్ తొమ్మిదో గ్రెగరీ 1230ల్లో ఈ పని డొమినికన్ సన్యాసులకి అప్పజెప్పాడు. అంతకుముందు స్థానిక బిషప్ చూసుకునేవాడు, కానీ బిషప్‌కి ఊళ్ళో చుట్టాలుంటారు, మొహమాటాలుంటాయి. సన్యాసికి ఊళ్ళో ఎవరూ లేరు, పోప్ ఇచ్చిన కాగితం మాత్రం ఉంది.

1245, 46లో బెర్నార్ ద కో, జాన్ ద సాన్-పియర్ అని ఇద్దరు డొమినికన్లు టులూజ్‌లో కూర్చుని చేసిన విచారణ దీనికి మంచి ఉదాహరణ. అప్పట్లో ఇన్‌క్విజిటర్లు ఊళ్ళకి తిరగడం ప్రమాదం అయిపోయింది, ఎందుకంటే 1242లో అవిన్యొనే అనే చోట ఇద్దరు ఇన్‌క్విజిటర్లని, వాళ్ళ సిబ్బందితో సహా రాత్రిపూట నరికి చంపేశారు. కాబట్టి వీళ్ళు ఊళ్ళకి పోలేదు, ఊళ్ళనే తమ దగ్గరికి రప్పించారు. పద్నాలుగేళ్ళు దాటిన మగవాళ్ళు, పన్నెండేళ్ళు దాటిన ఆడవాళ్ళు అందరూ రావాలి. టులూజ్‌లో సాన్-సెర్నాన్ చర్చి ఆవరణలో కూర్చోబెట్టి, ప్రమాణం చేయించి, ఒక్కొక్కరినీ ప్రశ్నించి, నోటరీతో రాయించారు. ఏడాది పైన నడిచింది ఇది, ఐదు వేలమందికి పైగా వాంగ్మూలాలు ఆ రిజిస్టర్ కాపీలో ఇప్పటికీ ఉన్నాయి.

ఆ ప్రశ్నలు చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. నువ్వేం నమ్ముతావు అనేది పెద్దగా అడగరు. హెరెటిక్‌ని ఎప్పుడైనా చూశావా? ఎక్కడ చూశావు, ఎవరి ఇంట్లో? ఆ రోజు అక్కడ ఇంకా ఎవరెవరున్నారు? వాళ్ళకి మోకాళ్ళమీద వంగి దీవెన అడిగావా, నీతోపాటు ఇంకెవరు వంగారు? వాళ్ళు దీవించిన రొట్టె తిన్నావా, వాళ్ళకి తిండి పంపావా, వాళ్ళని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దాటించావా? ఇదీ వరస. ప్రతి జవాబులో ఒక ఇల్లు, ఒక ఏడు, నాలుగైదు పేర్లు వస్తాయి. వాటిని పక్క మనిషి చెప్పినదానితో పోల్చి చూస్తారు. నేనసలు ఎవర్నీ చూడలేదండీ అని నువ్వు అన్నావనుకోండి, నిన్న మీ మేనత్త వచ్చి ఇరవయ్యేళ్ళ క్రితం ఫలానా ఇంట్లో నువ్వూ ఉన్నావని చెప్పి పోయింది, అది రాసి ఉంది, కానీ నీకు తెలీదు. అబద్ధం ఆడితే ప్రమాణం తప్పిన నేరం కూడా కలుస్తుంది. మనుషుల్ని ఆరా తీసి వదిలేయడం మామూలే, చెప్పిన ప్రతి మాటా కాగితం మీద పెట్టి, భద్రంగా దాచి, పదేళ్ళ తర్వాత వచ్చే ఇంకో ఇన్‌క్విజిటర్ తీసి చూసుకునేలా చెయ్యడం మాత్రం అప్పటికి కొత్త. నన్నడిగితే చిత్రహింసల కంటే ఈ రిజిస్టరే ఎక్కువ భయపెట్టింది.

మిగతా పద్ధతి కూడా దీనిచుట్టూనే తిరుగుతుంది. ఇన్‌క్విజిటర్ వచ్చి ముందు అందర్నీ పోగేసి ప్రసంగం చేస్తాడు, ఆ తర్వాత ఒక గడువిస్తాడు, సాధారణంగా రెండు వారాల నుంచి నెల. ఆలోపు తనంతట తానే వచ్చి ఒప్పుకున్నవాడికి చిన్న ప్రాయశ్చిత్తంతో సరి, జైలూ ఉండదు చావూ ఉండదు. కానీ ఒప్పుకోలు పూర్తిగా ఉండాలి, అంటే మిగతావాళ్ళ పేర్లు కూడా చెప్పాలి. గడువు నడుస్తుండగా ఊళ్ళో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు, పక్కింటివాడు వెళ్ళి నా పేరు చెప్పేలోపు నేనే వెళ్ళి చెప్పేస్తే పోలా అని అందరూ ఒకేసారి అనుకుంటారు.

నిందితుడికి సాక్షుల పేర్లు చెప్పరు. కారణం ఏమంటే చెబితే సాక్షుల్ని చంపేస్తారు అని. అవిన్యొనే తర్వాత ఆ మాట మరీ ఉత్తిమాట కాదు కూడా. దానికి బదులుగా నిందితుడికి ఒక అవకాశం ఇస్తారు: నీకు ప్రాణశత్రువులు ఎవరైనా ఉంటే వాళ్ళ పేర్లు, కారణాలు చెప్పు అంటారు. చెప్పిన పేరు సాక్షుల జాబితాలో ఉంటే ఆ సాక్ష్యం విలువ పోతుంది. అంటే చీకట్లో రాయి విసరడమే, తగిలితే బతికిపోయావు. లాయర్ అనేవాడు కాగితం మీద కొన్నిచోట్ల ఉన్నా, హెరెటిక్‌ని సమర్థించినవాడు కూడా నేరస్తుడే కాబట్టి ముందుకొచ్చేవాడు ఎవడు? ఇక 1252లో పోప్ నాలుగో ఇన్నోసెంట్, ఒళ్ళు అవయవం పోకుండా, ప్రాణం మీదికి రాకుండా హింసించి నిజం చెప్పించవచ్చు అని ఇటలీలోని ప్రభుత్వాలకి ఆదేశం ఇచ్చాడు. మొదట్లో ఆ పని సన్యాసులు చేయకూడదు, నాలుగేళ్ళు తిరక్కుండానే తర్వాతి పోప్ వచ్చి, చేసినా ఒకరికొకరు పాపపరిహారం ఇచ్చుకోవచ్చు అని దారి తీశాడు.

శిక్షల దగ్గర మాత్రం మనం సినిమాల్లో చూసేదానికీ ఆ కాగితాల్లో ఉన్నదానికీ చాలా తేడా ఉంది. 1246లో ఆ టులూజ్ ఇన్‌క్విజిటర్లు వేసిన శిక్షల్లో ఇప్పటికి మిగిలిన జాబితా చూస్తే రెండొందల చిల్లర మంది ఉన్నారు, వాళ్ళలో ఇరవై మూడు మందికి జైలు, మిగతా వాళ్ళందరికీ బట్టలమీద పసుపుపచ్చ గుడ్డతో కుట్టిన సిలువలు. ఆ జాబితాలో కాల్చింది ఒక్కర్నీ లేదు. పచ్చ సిలువ అంటే చిన్నదనుకుంటాం గానీ, అది వేసుకుని తిరిగేవాడికి పనెవరిస్తారు, పిల్లనెవరిస్తారు. చావు శిక్ష ముఖ్యంగా రెండు రకాల వాళ్ళకి: చివరిదాకా మొండికేసినవాళ్ళకి, ఒకసారి ఒప్పుకుని వదిలేశానని ప్రమాణం చేసి మళ్ళీ అదే పని చేసినవాళ్ళకి. వాళ్ళని చర్చి తాను చంపదు, కాస్త దయ చూపండి అనే మాట ఒకటి రాసి ప్రభుత్వాధికారికి అప్పజెబుతుంది. ఆ మాట నిజమని నమ్మి దయ చూపించిన అధికారి తర్వాత తానే హెరెటిక్స్‌ని కాపాడిన నేరానికి ఇరుక్కుంటాడు. చర్చి చంపలేదు రాజ్యమే చంపింది అనేవాళ్ళు ఈ ఒక్క ముక్క దగ్గర ఆగి ఆలోచిస్తే బాగుంటుంది.

అయితే ఈ పాత ఏర్పాటులో రాజుకి ఒక ఇబ్బంది ఉంది. ఇన్‌క్విజిటర్ పోప్ మనిషి, రాజు మాట వినాల్సిన అవసరం లేదు. అరగాన్ రాజ్యంలో నికొలావ్ ఐమెరిక్ అని ఒక డొమినికన్ ఇన్‌క్విజిటర్ ఉండేవాడు, తర్వాత రోజుల్లో అందరూ వాడిన ఇన్‌క్విజిటర్ల గైడు రాసింది ఆయనే, 1376లో. అది ఆయన రాసింది దేశం నుంచి వెళ్ళగొట్టబడి, అప్పట్లో పోప్‌లుండే అవిన్యోన్‌లో కూర్చుని. రాజుతో పడలేదు, రాజు తరిమేశాడు. తర్వాతి రాజు కాలంలో మళ్ళీ తరిమేశారు. పక్కన కస్టీల్ రాజ్యంలోనైతే పోప్ ఇన్‌క్విజిషన్ అనేది చెప్పుకోదగ్గట్టుగా పనిచేసిందే లేదు.

ఇప్పుడు 1478కి వద్దాం. కస్టీల్ రాణి ఇసబెల్లా, ఆమె భర్త ఫెర్డినాండ్. 1391లో యూదుల మీద జరిగిన అల్లర్లలో చావు భయంతో, ఆ తర్వాత రకరకాల ఒత్తిళ్ళతో వేలకివేల యూదు కుటుంబాలు క్రైస్తవంలోకి మారాయి, వాళ్ళని కాన్వెర్సోలు అనేవాళ్ళు. వాళ్ళు పైకెదిగారు, పన్నులు వసూలుచేసేవాళ్ళయ్యారు, బిషప్‌లు కూడా అయ్యారు, పాత క్రైస్తవులకి కడుపుమంట. వీళ్ళు ఇంట్లో ఇంకా యూదులే అనే ఫిర్యాదు అడ్డంపెట్టుకుని రాజదంపతులు పోప్ నాలుగో సిక్స్టస్ దగ్గర ఒక బుల్, అంటే పోప్ శాసనం, తెచ్చుకున్నారు. 1478 నవంబర్ 1 నాటి ఆ కాగితంలో ఉన్న కొత్తదనం ఒక్కటే: నలభై దాటిన, తగిన చదువున్న ఇద్దరు ముగ్గురు పురోహితుల్ని ఇన్‌క్విజిటర్లుగా రాజే ఎంచుకోవచ్చు, తీసేయొచ్చు కూడా. 1480లో ఇద్దర్ని పెట్టారు, 1481 ఫిబ్రవరిలో సెవిల్‌లో మొదటి ఆరుగుర్ని కాల్చారు.

సంతకం చేసిన పోప్‌కి రోమ్‌లో ఫిర్యాదులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. 1482 ఏప్రిల్‌లో ఆయన అరగాన్ సంగతి మీద ఒక ఆదేశం పంపాడు, అది చదివితే ఇన్‌క్విజిషన్ మీద ఇవాళ ఎవరైనా రాసే విమర్శలా ఉంటుంది. ఇక్కడ జరిగేది విశ్వాసం మీద భక్తితో కాదు డబ్బు మీద ఆశతో, శత్రువులు బానిసలు చెప్పిన మాటలమీద సరైన రుజువు లేకుండా నిజమైన క్రైస్తవుల్ని జైల్లో వేసి, హింసించి, ఆస్తులు లాక్కుని, చావుకి అప్పజెబుతున్నారు అని. ఇకమీదట సాక్షుల పేర్లు నిందితుడికి చెప్పాలి, లాయర్‌ని ఇవ్వాలి, రోమ్‌కి అప్పీల్ చేసుకోనివ్వాలి అన్నాడు. ఫెర్డినాండ్ మే నెలలో జవాబు రాశాడు. ఇలాంటి ఆదేశం మీరిచ్చారంటే నమ్మలేకపోతున్నా, ఒకవేళ ఇచ్చినా అమలు కానివ్వను, వెనక్కి తీసుకుని ఈ వ్యవహారం మాకు వదిలేయండి, అని దాని సారాంశం. ఒక రాజు పోప్‌కి రాసే తీరు కాదది. అక్టోబర్ కల్లా సిక్స్టస్ తన ఆదేశాన్ని ఆపేశాడు. మరుసటి ఏడే తొర్కెమాదా అనే డొమినికన్ సన్యాసి కస్టీల్‌కీ, అరగాన్‌కీ కలిపి ఇన్‌క్విజిటర్ జనరల్ అయ్యాడు, పైన రాజ్యంలోని మిగతా కౌన్సిళ్ళ లాగే సుప్రేమా అని ఒక కౌన్సిల్ వచ్చింది.

ఇందులో పోప్‌ని నేను హీరోని చెయ్యట్లేదు, రహస్య సాక్షుల పద్ధతి పుట్టింది వాళ్ళ ఇంట్లోనే కదా. కానీ ఆ ఆరు నెలల ఉత్తరాల్లో మొత్తం కథ ఉంది. పోప్ చెయ్యబోయింది విధానాన్ని సరిచెయ్యడం, రాజు అడ్డుకుంది అప్పీల్‌ని. తర్వాత కూడా రోమ్ అప్పుడప్పుడు అప్పీళ్ళు తీసుకోబోతే, 1509లో ఫెర్డినాండ్ ఇంకో మెట్టెక్కాడు, రాజు అనుమతి లేకుండా ఇన్‌క్విజిషన్‌కి వ్యతిరేకంగా రోమ్ నుంచి కాగితాలు తెచ్చినవాడికి మరణదండన, ఆస్తి జప్తు అన్నాడు. ఇక ఆస్తుల సంగతి. జప్తు చేసినవి తీసుకునేది రిసెప్టర్ అనే అధికారి, ఆయన్ని పెట్టేది రాజు. కోర్టువాళ్ళ జీతాలు వచ్చేదీ అందులోంచే. దీనివల్ల రాజులు కోటీశ్వరులైపోయారు అని కొందరంటారు, నాకు ఆ వాదన అంత నచ్చదు, ఎందుకంటే చాలా ట్రిబ్యునళ్ళకి నెల గడవడమే కష్టంగా ఉండేది. అసలు చిక్కు అదే. ఎవరూ దోషిగా తేలకపోతే జీతాలు రాని కోర్టులో నిర్దోషి అని తేల్చడానికి ఎవరికి మనసొస్తుంది?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. రాజుకి సొంత కోర్టులుండగా ఇంత తిప్పలెందుకు? ఎందుకంటే స్పెయిన్ అప్పటికి ఒక దేశం కాదు, ఒకే కుటుంబం ఏలే కొన్ని రాజ్యాలు. అరగాన్‌కి సొంత చట్టాలు, ఫుయెరోస్ అంటారు, రాజు సింహాసనమెక్కేటప్పుడు వాటికి ప్రమాణం చెయ్యాలి. కస్టీల్ జడ్జి అరగాన్ సరిహద్దు దాటితే ఎవడూ లెక్కచెయ్యడు. ఈ హద్దులన్నీ దాటి పనిచేసే కోర్టు ఒక్కటే, అది ఇన్‌క్విజిషన్, దానికా శక్తి వచ్చింది పోప్ ముద్ర వల్ల. కాబట్టి రాజుకి పోప్ ముద్ర కావాలి, పోప్ మాత్రం వద్దు. రెండో ఫిలిప్ కాలంలో ఇదెంత దూరం పోయిందంటే, అరగాన్ నుంచి ఫ్రాన్స్‌కి గుర్రాలు దొంగరవాణా చేసేవాళ్ళని కూడా ఇన్‌క్విజిషన్ పట్టుకునేది, గుర్రాలు పోయేది హెరెటిక్స్ సైన్యానికి కాబట్టి అదీ విశ్వాసానికి సంబంధించిందేనట!

అంతోనియో పెరెజ్ కేసు చూస్తే ఈ యంత్రం లోపలి పళ్ళచక్రాలన్నీ కనబడతాయి. పెరెజ్ రెండో ఫిలిప్‌కి కార్యదర్శి, రాజు రహస్యాలన్నీ తెలిసినవాడు. 1578లో మాడ్రిడ్‌లో ఎస్కొబెదో అనే ఇంకో కార్యదర్శి హత్య జరిగింది, చేయించింది పెరెజ్, రాజుకి తెలిసే జరిగిందని అప్పట్నుంచే అందరి గుసగుస. ఏడాదికి పెరెజ్‌ని అరెస్టు చేశారు, ఏళ్ళ తరబడి నాన్చారు, 1590లో హింసించారు. ఆ ఏప్రిల్‌లో భార్య సాయంతో జైల్లోంచి తప్పించుకుని గుర్రమెక్కి అరగాన్ చేరిపోయాడు. వాళ్ళ కుటుంబం అక్కడిదే. అరగాన్‌లో జస్టిసియా అని ఒక పెద్ద న్యాయాధికారి ఉంటాడు, ఎవరైనా ఆయన రక్షణ కోరితే రాజు మనుషులు కూడా ముట్టుకోవడానికి లేదు, హింసించడానికి అసలే లేదు, ఆయన జైల్లోనే ఉండి విచారణ ఎదుర్కోవచ్చు. పెరెజ్ అదే కోరాడు. రాజు హత్య కేసు నడపబోతే, పెరెజ్ రాజు సొంత చేతిరాత ఉన్న ఉత్తరాలు కోర్టులో పెట్టడం మొదలెట్టాడు. ఫిలిప్ ఆ కేసే వెనక్కి తీసుకున్నాడు.

మామూలు దారులన్నీ మూసుకుపోయాయి కదా, అప్పుడు ఇన్‌క్విజిషన్ తలుపు తట్టారు. జైల్లో పెరెజ్ కోపంలో అన్న మాటల్ని సాక్షులతో రాయించి పంపారు. అందులో ఒకటి, తనకి అడ్డమొస్తే తండ్రి దేవుడి ముక్కైనా కోసేస్తా అన్నాడట. ఆ కాగితం వెళ్ళింది ఫ్రాయ్ దియెగో ద చావెస్ దగ్గరికి, మత నిపుణుడిగా అభిప్రాయం చెప్పమని. ఆయనెవరయ్యా అంటే సాక్షాత్తూ రాజుగారి పాపనివేదనలు వినే గురువు. ఆయన తేల్చిందేమిటంటే, దేవుడికి ముక్కుందన్నాడంటే దేవుడికి మనిషి శరీరం ఉందని నమ్ముతున్నాడన్నమాట, అది పాత కాలపు ఫలానా హెరెసీ అవుతుంది అని. పైగా ప్రొటెస్టెంట్లున్న బెయార్న్‌కి పారిపోవాలని ప్లాన్ వేశాడు, హెరెటిక్స్ దగ్గరికి పోవాలనుకోవడం ఇంకో అనుమానం. టులూజ్‌లో ఐదువేల మంది వాంగ్మూలాలు ఓపిగ్గా రాసిన పద్ధతే ఇదీ, సాక్షులు, నోటరీ, నిపుణుడి అభిప్రాయం అన్నీ ఉన్నాయి, ఏ ఒక్క మెట్టూ ఎగ్గొట్టలేదు. కాకపోతే జవాబు ముందే రాసిపెట్టుకుని ప్రశ్నలు వెతికారు.

1591 మే 24న పెరెజ్‌ని జస్టిసియా జైలు నుంచి అరగాన్ రాజధాని సరగోసాలోని అల్హఫెరియా కోటకి, అంటే ఇన్‌క్విజిషన్ జైలుకి మార్చారు. మా ఫుయెరోస్ ఏమయ్యాయి అంటూ ఊరు ఊరంతా రోడ్డెక్కింది. రాజు ప్రతినిధి అల్మెనారా మార్క్విస్‌ని జనం కొట్టిన దెబ్బలకి ఆయన కొన్నాళ్ళకి చచ్చిపోయాడు. కోట చుట్టూ గుంపు చేరేసరికి ఇన్‌క్విజిటర్లు అదే రోజు పెరెజ్‌ని తిరిగి పంపేశారు. సెప్టెంబర్ 24న మళ్ళీ మార్చబోయారు, మళ్ళీ తిరుగుబాటు, ఈసారి పెరెజ్ ఆ గొడవలో తప్పించుకుని చివరికి బెయార్న్ చేరాడు. నవంబర్‌లో ఫిలిప్ సైన్యం సరగోసాలో దిగింది. జస్టిసియా పదవిలోకి కొత్తగా వచ్చిన యువకుడు హువాన్ ద లానూసాని విచారణ కూడా లేకుండా డిసెంబర్ 20న తల నరికేశారు. 1592లో పెరెజ్ బొమ్మని ఇన్‌క్విజిషన్ కాల్చింది, అసలు మనిషి 1611 దాకా బతికి ప్యారిస్‌లో పోయాడు. ముక్కు కేసు ఓడిపోయినట్టే, కానీ 1592లోనే తరసోనాలో జరిగిన సభల్లో జస్టిసియాని రాజు ఇష్టమొచ్చినట్టు తీసేయొచ్చు అని చట్టం మారిపోయింది. నిందితుడు దొరక్కపోయినా రాజుకి కావాల్సింది దొరికింది.

ఇన్‌క్విజిషన్ ప్రతిసారీ రాజు చెప్పినట్టే ఆడిందని కాదు. సుప్రేమాకి సొంత పంతాలుండేవి, రాజు కోర్టులతో అధికార పరిధి మీద ఎడతెగని తగాదాలుండేవి, ఎక్కువ కేసులు రాజకీయాలతో సంబంధంలేని మామూలు మనుషులవి. కానీ రాజుకి నిజంగా అవసరం పడ్డ రోజున అది కాదనలేకపోయింది.

పోర్చుగల్ దగ్గర దాచుకోవడం కూడా లేదు. మూడో జువావ్ 1536లో ఇన్‌క్విజిషన్ తెచ్చుకున్నాడు, 1539లో సొంత తమ్ముడు హెన్రీక్‌నే ఇన్‌క్విజిటర్ జనరల్ చేశాడు, ఆ హెన్రీకే 1578లో రాజయ్యాడు. 1560లో గోవాకి వచ్చిన ఇన్‌క్విజిషన్ ఈ కుటుంబ వ్యాపారానికి బ్రాంచే. పోర్చుగల్‌లో 18వ శతాబ్దంలో మంత్రి పొంబాల్ రాజ్యమేలేటప్పుడు, 1758లో రాజు మీద హత్యాయత్నం జరిగింది. గాబ్రియెల్ మలగ్రీదా అనే డెబ్బైకి దగ్గరపడ్డ జెసూట్ పురోహితుణ్ణి ఆ కుట్రలో ఇరికించారు, కానీ పురోహితుడు కాబట్టి రోమ్ ఒప్పుకోకుండా ఉరితీయడానికి లేదు. పొంబాల్ తన తమ్ముణ్ణి ఇన్‌క్విజిషన్ మీద కూర్చోబెట్టాడు, జైల్లో మతి సరిగాలేని ముసలాయన రాసుకున్న పుస్తకాల్లోంచి, సెయింట్ ఆన్ తల్లి కడుపులోనే మాట్లాడింది లాంటి వాక్యాలు ఏరి హెరెసీ కేసు పెట్టించాడు. 1761 సెప్టెంబర్ 21న లిస్బన్ నడిబొడ్డున గొంతు బిగించి చంపి కాల్చేశారు. రాజద్రోహం కేసు ఎక్కడా వినబడనే లేదు.

1769లో అదే పొంబాల్ ఇన్‌క్విజిషన్‌ని రాజుగారి కోర్టు అని కాగితం మీదే ప్రకటించి, దానికి మెజెస్టీ అనే బిరుదిచ్చాడు. 1774లో కొత్త నియమావళి వచ్చింది, దాంట్లో సాక్షుల పేర్లు నిందితుడికి చెప్పాలని రాశారు. నాలుగో సిక్స్టస్ అడిగి భంగపడ్డ దానికి అప్పటికి దాదాపు మూడొందల ఏళ్ళు, పొంబాల్‌కి భయపెట్టాల్సిన జెసూట్లు అప్పటికి పోర్చుగల్‌లో జైలు బయట ఎవరూ మిగల్లేదు.